సొంతిల్లు అమ్మితే వచ్చే లాభం: చాలా దేశాలు దానిపై పన్ను ఎందుకు వదిలేస్తాయి?

క్లుప్తంగా: ఇల్లు అమ్మినప్పుడు కాగితం మీద కనిపించే లాభంలో పెద్ద భాగం ద్రవ్యోల్బణం వల్ల పెరిగిన అంకె. మిగిలిన లాభం కూడా చేతిలో నిలవదు, మళ్లీ ఇల్లు కొనడానికే పోతుంది. దాని మీద మామూలుగా పన్ను వేస్తే జనం ఇల్లు మారడమే మానేస్తారు. అందుకే చాలా దేశాలు కుటుంబం నివసించే ఇంటికి మినహాయింపు ఇస్తున్నాయి. కొన్ని దేశాలు పన్నును వదిలేయకుండా వాయిదా వేస్తాయి. మినహాయింపు ఇచ్చిన చోటల్లా ‘నివసించే ఇల్లు’ ఏదో తేల్చడమే పెద్ద చిక్కు.

లాభం ఎలా లెక్కిస్తారు

కొన్న ధర, అమ్మిన ధర మధ్య తేడాయే లాభమని చాలామంది అనుకుంటారు. పన్ను లెక్క అంత సూటిగా ఉండదు. అమ్మిన ధరలోంచి ముందు అమ్మకానికైన ఖర్చులు తీసేస్తారు. కొన్న ధరకు రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ లాంటి కొనుగోలు ఖర్చులను, ఆ తర్వాత ఇంటి విలువ పెంచేలా చేసిన పనుల ఖర్చును కలుపుతారు. ఈ రెండు మొత్తాల మధ్య తేడాయే మూలధన లాభం, అంటే క్యాపిటల్ గెయిన్.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కరెన్సీ ఏదైనా లెక్క ఒకటే. ఒక కుటుంబం 40 లక్షలకు ఇల్లు కొన్నది. కొనుగోలు ఖర్చులు మరో 3 లక్షలు. పదేళ్ల తర్వాత 8 లక్షలు పెట్టి పైన ఒక గది వేసుకుంది. మొత్తం 15 ఏళ్లు ఉండి, ఇంటిని కోటికి అమ్మింది. బ్రోకరు కమీషన్, ఇతర అమ్మకపు ఖర్చులు 2 లక్షలు. చేతికి వచ్చినవి 98 లక్షలు, ఇంటికి పెట్టినవి 51 లక్షలు. లాభం 47 లక్షలు. 20 శాతం పన్ను వేస్తే కట్టాల్సింది 9.4 లక్షలు.

గది వేసిన పనికి రసీదులు దొరకలేదనుకోండి. లాభం 55 లక్షలు అవుతుంది, పన్ను 11 లక్షలకు చేరుతుంది. ఎప్పుడో చేయించిన పని తాలూకు కాగితం విలువ 1.6 లక్షలన్నమాట. ఇందులో ఇంకో మెలిక ఉంది. కొత్త గది వేస్తే ఆ ఖర్చు లెక్కలోకి వస్తుంది గానీ, రంగులు వేయించడం, కారుతున్న కుళాయి బాగు చేయించడం సాధారణంగా రావు. మొదటిది విలువ పెంచే పని, రెండోది ఉన్నదాన్ని నిలబెట్టుకునే పని. పాత వంటగదిని పూర్తిగా తీసేసి కొత్తగా కట్టించుకుంటే అది రెండింటిలో ఏది అన్న దగ్గర వాదన మొదలవుతుంది. ఒక వ్యాపారానికి ఇలాంటి లెక్కలు రాసిపెట్టే మనిషి ఉంటాడు. ఇంటికి అలా ఎవరూ ఉండరు.

అందులో ధరల పెరుగుదల వాటా ఎంత

ఆ 15 ఏళ్లలో వస్తువుల ధరలు సగటున ఏడాదికి 4 శాతం పెరిగాయనుకుందాం. అప్పట్లో పెట్టిన 43 లక్షలు ఇప్పటి విలువలో సుమారు 77.4 లక్షలు. ఐదేళ్ల కిందట గదికి పెట్టిన 8 లక్షలు ఇప్పటి 9.7 లక్షలతో సమానం. కలిపితే 87.1 లక్షలు. కుటుంబానికి వచ్చింది 98 లక్షలు కాబట్టి అసలైన లాభం 47 లక్షలు కాదు, దాదాపు 11 లక్షలు మాత్రమే. పన్ను మాత్రం 9.4 లక్షలు. చట్టంలో 20 శాతం అని రాసి ఉన్నా, అసలు లాభంలో 86 శాతం పన్నుకే పోతోంది.

ధరలు 4 శాతం కాకుండా 5 శాతం చొప్పున పెరిగి ఉంటే పెట్టిన సొమ్ము ఇప్పటి విలువ 99.6 లక్షలు అయ్యేది. అంటే ఆ కుటుంబం నిజానికి కొద్దిగా నష్టపోయింది. అయినా 9.4 లక్షల పన్ను కట్టాల్సిందే.

షేర్ల లాభంలోనూ ద్రవ్యోల్బణం ఉంటుంది. అయితే షేర్లను నెలల్లో, కొద్ది ఏళ్లలో అమ్మేవారు ఎక్కువ. ఇంటిని పది, ఇరవై, ముప్పై ఏళ్లు ఉంచుకుంటారు. కాలం గడిచేకొద్దీ కాగితం లాభానికీ అసలు లాభానికీ దూరం పెరుగుతూ పోతుంది కాబట్టి ఈ దెబ్బ ఇంటి యజమానికే గట్టిగా తగులుతుంది.

దీనికి ఒక విరుగుడు ఇండెక్సేషన్, అంటే కొన్న ధరను ధరల సూచీ ప్రకారం పెంచి చూపించడం. భారతదేశం చాలాకాలం ఈ పద్ధతిని అనుసరించింది. 2024 జులై 23 నుంచి దాన్ని తీసేసి, దీర్ఘకాలిక లాభంపై పన్ను రేటును 20 నుంచి 12.5 శాతానికి తగ్గించింది. ఆ తేదీకి ముందు కొన్న ఇళ్లు, స్థలాల విషయంలో దేశంలో నివసించే వ్యక్తులకు, హిందూ ఉమ్మడి కుటుంబాలకు రెండు లెక్కల్లో తక్కువ పన్ను వచ్చేదాన్ని వాడుకునే వీలు ఉంచారు. పై ఉదాహరణలోని 4 శాతాన్నే సూచీగా తీసుకుంటే పాత పద్ధతిలో పన్ను 2.2 లక్షలు, కొత్త పద్ధతిలో 5.9 లక్షలు వస్తుంది. ధర చాలా వేగంగా పెరిగిన ఇంటికైతే కొత్త పద్ధతే చవక. రేటు ఎంత అన్న ప్రశ్న ఒక్కటే చూసి పన్ను పెరిగిందో తగ్గిందో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

అమ్మినవారు మళ్లీ కొనుక్కోవాలి

ద్రవ్యోల్బణాన్ని పూర్తిగా సరిచేసినా ఇంకో సమస్య మిగులుతుంది. షేర్లు అమ్మినవారికి డబ్బు మిగులుతుంది. ఇల్లు అమ్మినవారికి మిగిలేది ఇల్లు లేకపోవడం. ఉద్యోగం వేరే ఊరికి మారి, అక్కడ సరిగ్గా అలాంటి ఇల్లే కావాలంటే దాని ధర కూడా దాదాపు కోటి ఉంటుంది. ఇక్కడి ధరలతో పాటే అక్కడివీ పెరిగి ఉంటాయి కదా. పన్ను లేకపోతే కుటుంబం చేతిలో 98 లక్షలు ఉంటాయి, 2 లక్షలు సర్దుకుంటే చాలు. పన్ను కడితే చేతిలో 88.6 లక్షలే మిగులుతాయి, 11.4 లక్షలు వెతుక్కోవాలి. ఇల్లు మారినందుకు కుటుంబం ఒక మెట్టు చిన్న ఇంటికి దిగాలి, లేదా అప్పు చేయాలి. మారకుండా ఉన్న పక్కింటివారి ఇంటి విలువ కూడా అంతే పెరిగినా వారికి పైసా పన్ను లేదు.

ఈ పన్ను లాభం వచ్చినప్పుడు పడదు, అమ్మినప్పుడే పడుతుంది. కాబట్టి అమ్మకపోతే తప్పించుకోవచ్చు. ఆర్థికవేత్తలు దీన్ని లాక్-ఇన్ అంటారు, అంటే ఉన్నచోటే తాళం పడిపోవడం. దూరంగా మంచి ఉద్యోగం దొరికినా ఇల్లు మారరు, రోజూ రెండు గంటలు ప్రయాణం చేస్తారు. పిల్లలు వెళ్లిపోయాక ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతులు నాలుగు గదుల ఇంట్లోనే ఉండిపోతారు. పిల్లలతో ఇరుకుగా ఉన్న కుటుంబానికి ఆ ఇల్లు అమ్మకానికి రాదు. ఖజానాకూ ఏమీ రాదు, ఎందుకంటే అమ్మకమే జరగలేదు. ప్రభుత్వానికి రూపాయి రాకుండానే జనానికి నష్టం కలిగించే పన్ను ఇది. మినహాయింపుకు ఉన్న కారణాలన్నిటిలో ఇదే బలమైనది.

వాయిదా వేయాలా, వదిలేయాలా: 1997 నాటి అమెరికా మార్పు

ఇల్లు మారేవారిని ఆదుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి పన్నును వాయిదా వేయడం, రెండోది పూర్తిగా వదిలేయడం. ఈ రెండింటినీ ఒకే దేశంలో చూడాలంటే అమెరికా మంచి ఉదాహరణ.

1951 నుంచి అక్కడ వాయిదా పద్ధతి ఉండేది. పాత ఇల్లు అమ్మిన ధరకు సమానమైన లేదా అంతకన్నా ఖరీదైన ఇల్లు గడువులోగా కొంటే అప్పటికి పన్ను లేదు. వాయిదా పడిన లాభాన్ని కొత్త ఇంటి కొనుగోలు ధరలోంచి తీసేసేవారు. మన ఉదాహరణలో కుటుంబం కోటికి కొత్త ఇల్లు కొంటే, పన్ను లెక్కలో దాని ధర కోటి కాదు, 53 లక్షలు. ఆ ఇంటిని ఎప్పుడో 1.3 కోట్లకు అమ్మితే లాభం 30 లక్షలకు బదులు 77 లక్షలుగా తేలుతుంది. ఇలా ఇంటి నుంచి ఇంటికి లాభం మూటలా వెంట వస్తుంది. నాలుగిళ్లు మారిన మనిషి మొదటి ఇంటి రసీదులు కూడా దాచుకోవాలి.

అంతకన్నా పెద్ద లోపం చిన్న ఇంటికి మారేవారి దగ్గర బయటపడింది. 98 లక్షలు చేతికొచ్చినవారు 70 లక్షల ఇల్లు కొంటే, తేడా అయిన 28 లక్షల మీద వెంటనే పన్ను పడుతుంది. అంటే అవసరం లేకపోయినా పెద్ద ఇల్లే కొనమని చట్టం నెట్టింది. ఈ ఇబ్బంది వృద్ధులకే ఎక్కువ కాబట్టి, 55 ఏళ్లు దాటినవారికి జీవితంలో ఒక్కసారి 1.25 లక్షల డాలర్ల వరకు మినహాయింపు పెట్టారు. దాంతో కొత్త చిక్కు వచ్చింది. దంపతుల్లో ఒకరు అంతకుముందే, మునుపటి పెళ్లిలోనే, ఆ అవకాశం వాడుకుని ఉంటే రెండోవారికి కూడా అది దక్కేది కాదు.

1997లో వచ్చిన చట్టం ఈ రెండింటినీ తీసేసింది. అమ్మకానికి ముందు ఐదేళ్లలో కనీసం రెండేళ్లు సొంతదారుగా ఉండి, అందులో నివసించినవారికి 2.5 లక్షల డాలర్ల లాభం వరకు, కలిసి రిటర్ను వేసే దంపతులకు 5 లక్షల డాలర్ల వరకు పన్ను లేదు. కొత్త ఇల్లు కొన్నా కొనకపోయినా ఫర్వాలేదు. సాధారణంగా రెండేళ్లకోసారి దీన్ని వాడుకోవచ్చు. చాలా కుటుంబాలకు దీంతో పాత రసీదుల టెన్షన్ తప్పింది.

భారతదేశంలో 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 54గా వచ్చిన నియమం పైకి వాయిదా పద్ధతిలా కనిపిస్తుంది. అమ్మకానికి ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్లలో గానీ మరో ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టించుకోవాలి. జాగ్రత్తగా చూస్తే ఇది పాత అమెరికా పద్ధతికి రెండు చోట్ల తేడాగా ఉంటుంది. ఇక్కడ కొత్త ఇంటికి అమ్మిన మొత్తమంతా పెట్టనక్కర్లేదు, లాభం పెడితే చాలు. 47 లక్షల లాభానికి 70 లక్షల ఇల్లు కొన్నవారికి పన్ను పడదు. ఇక కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మితేనే వదిలేసిన లాభాన్ని దాని ధరలోంచి తీసేస్తారు. మూడేళ్లు దాటితే పాత లాభం మాటే ఉండదు. అంటే ఇది వాయిదాలా మొదలై చివరికి మినహాయింపుగా ముగుస్తుంది. ఇంకో సంగతి, అమ్మిన ఇంట్లో యజమాని నివసించి ఉండాలన్న షరతు ఇందులో లేదు. అద్దెకిచ్చిన ఇల్లయినా వర్తిస్తుంది. కాబట్టి దీన్ని ‘నివసించే ఇంటి మినహాయింపు’ అనడం కన్నా ‘ఇంటి నుంచి ఇంటికి మారే మినహాయింపు’ అనడం సరైనది. 2023 ఏప్రిల్ నుంచి దీనికి 10 కోట్ల గరిష్ఠ పరిమితి పెట్టారు.

స్వీడన్ ఇంకో దారి పట్టింది. అక్కడ నివసించే ఇంటి లాభంపై కూడా 22 శాతం పన్ను ఉంది. మరో ఇల్లు కొంటే వాయిదా కోరవచ్చు. వాయిదా వేసుకున్న మొత్తం మీద కొన్నేళ్లపాటు ఏటా కొంత రుసుము వసూలు చేసి, అది జనాన్ని ఇల్లు మారనివ్వడం లేదన్న విమర్శల మధ్య 2021లో ఎత్తేశారు. పన్ను వేసే దేశానికి కూడా లాక్-ఇన్ సమస్య తప్పలేదు.

‘నివసించే ఇల్లు’ ఏదో ఎలా తేలుస్తారు

ఒక ఇంటికి పన్ను లేదు, రెండో ఇంటికి ఉంది అనగానే ప్రతివారికీ తమ ఇల్లు మొదటి రకమేనని చూపించాలనిపిస్తుంది. బ్రిటన్ అనుభవం ఇక్కడ చెప్పుకోదగ్గది. 1965లో మూలధన లాభాల పన్ను తెచ్చినప్పుడే అక్కడ నివసించే ఇంటికి మినహాయింపు ఇచ్చారు, మొత్తానికి పరిమితి కూడా లేదు. రెండిళ్లలో ఉంటూ గడిపేవారు ఏది ప్రధానమో తామే ఎంచుకుని చెప్పవచ్చు. పాత ఇల్లు అమ్ముడుపోవడం ఆలస్యమైతే ఇబ్బంది పడకూడదని, ఒకప్పుడు ప్రధాన నివాసంగా ఉన్న ఇంటికి యాజమాన్యంలోని చివరి 36 నెలలు ఎలాగూ నివసించినట్టే లెక్కగట్టేవారు.

ఈ రెండు నియమాలూ విడివిడిగా న్యాయమైనవే. కలిపి వాడితే కథ మారింది. రెండో ఇంటిని కొద్దికాలం ప్రధాన నివాసంగా ప్రకటించి, మళ్లీ మొదటి ఇంటికి మార్చుకుంటే చాలు, రెండో ఇంటికి చివరి మూడేళ్ల లాభంపై పన్ను పోయేది. దీన్ని అక్కడ ‘ఫ్లిప్పింగ్’ అన్నారు. 2009లో పార్లమెంటు సభ్యుల ఖర్చుల వివాదంలో ఈ మాట దేశమంతా మారుమోగింది. చివరి కాలాన్ని 2014లో 18 నెలలకు, 2020లో 9 నెలలకు తగ్గించారు.

నియమం రాసే తీరును బట్టి ఒకే కుటుంబానికి ఫలితం ఎంత మారుతుందో చూడండి. ఇంటిని పదేళ్లు ఉంచుకున్నారు. మొదటి ఐదేళ్లు అందులో ఉన్నారు, తర్వాతి ఐదేళ్లు అద్దెకిచ్చి అమ్మేశారు. లాభం 47 లక్షలే అనుకుందాం. బ్రిటన్ పద్ధతిలో నెలల నిష్పత్తి చూస్తారు. నివసించిన 60 నెలలకు చివరి 9 నెలలు కలిపితే 69. మొత్తం 120 నెలల్లో ఇది 57.5 శాతం, కాబట్టి 27 లక్షల లాభానికి పన్ను లేదు, మిగతా 20 లక్షలకు ఉంటుంది. అమెరికాలో చివరి ఐదేళ్లలో రెండేళ్లు నివసించాలి. వీరు ఒక్కరోజూ ఉండలేదు, కాబట్టి మామూలుగా మినహాయింపు సున్నా. ఇదే కుటుంబం అద్దెకిచ్చిన మూడేళ్లలోపే అమ్మి ఉంటే, పరిమితి దాటనంతవరకు లాభం మొత్తం మినహాయింపులోకి వచ్చేది. (అద్దె కాలంలో ఇల్లు పాతబడినందుకు తరుగుదలగా చూపించిన మొత్తం మాత్రం అప్పుడు కూడా పన్నులోకి వస్తుంది.) ఒకటి వాలులా నెమ్మదిగా తగ్గుతుంది, ఇంకొకటి గోడలా తెగిపోతుంది. వాలు న్యాయంగా ఉంటుంది కానీ ఏ నెల ఎక్కడున్నారో లెక్క ఉండాలి. గోడ సులువు, కానీ తేదీ తెలియనివారిని గట్టిగా దెబ్బతీస్తుంది. అద్దెకిచ్చిన ఇంటిని అమ్మేవారు అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఈ తేదీనే.

జర్మనీలో ఏ ఇల్లయినా పదేళ్లు దాటితే వ్యక్తులకు లాభంపై పన్ను లేదు. పదేళ్లలోపే అమ్మినా, అమ్మిన ఏడాదిలోను, దాని ముందరి రెండు క్యాలెండర్ ఏళ్లలోను సొంతానికి వాడుకుని ఉంటే పన్ను పడదు. కెనడా సంవత్సరాల నిష్పత్తి చూస్తుంది, 1982 నుంచి ఒక కుటుంబానికి ఏడాదికి ఒకే ఇంటిని ఒప్పుకుంటుంది. 2016 నుంచి పన్ను పడకపోయినా అమ్మకాన్ని రిటర్నులో చూపించాలంటోంది. కొన్న 365 రోజుల్లోపు అమ్మిన ఇంటికి, కొన్ని జీవిత పరిస్థితులు తప్ప, 2023 నుంచి మినహాయింపు లేదు. దాన్ని వ్యాపార ఆదాయంగానే చూస్తారు.

నియమం ఏదైనా, వివాదం వచ్చినప్పుడు అధికారులు చూసేది బతికిన ఆనవాళ్లే. కరెంటు, నీళ్ల వాడకం ఒక కుటుంబానికి తగినంత ఉందా, ఉత్తరాలు ఏ చిరునామాకు వచ్చాయి, ఓటు ఎక్కడుంది, పిల్లలు ఏ బడికి వెళ్లారు అని అడుగుతారు. నెలకు రెండు యూనిట్లు కాలిన ఇంట్లో కాపురం ఉన్నామంటే నమ్మించడం కష్టం.

మినహాయింపుకు అవతలి వైపు

లాభానికి పన్ను లేదంటే నష్టానికీ లెక్క లేదు. నివసించే ఇంటిని నష్టానికి అమ్మితే బ్రిటన్‌లో గానీ, అమెరికాలో గానీ దాన్ని వేరే లాభాల్లోంచి తీసేసుకోలేరు. ఇళ్ల ధరలు కుప్పకూలిన ఏడాది ప్రభుత్వ ఆదాయానికి ఇది కాపుదల, ఇల్లు పోగొట్టుకున్నవారికి మాత్రం ఏ ఊరటా ఉండదు.

అభ్యంతరాల్లో బరువైనది అద్దెకుండేవారి వైపు నుంచి వస్తుంది. అద్దెకుంటూ పొదుపును షేర్లలో పెట్టినవారి లాభంలోనూ ద్రవ్యోల్బణం ఉంది, వారూ రేపు ఇల్లు కొనుక్కోవాలి, అయినా వారికి పన్ను ఉంటుంది. పైగా ఇంటి ధర పెరగడానికి కారణం చాలాసార్లు యజమాని శ్రమ కాదు, పక్కన పడిన రోడ్డు, వచ్చిన రైలు స్టేషను. ఈ వాదనను తోసిపుచ్చలేం. ద్రవ్యోల్బణం, మళ్లీ ఇల్లు కొనాల్సిన అవసరం అనే కారణాలు కొంత లాభం వరకే మినహాయింపును సమర్థిస్తాయి. ధర ఎంత పెరిగినా మొత్తం వదిలేయడానికి అవి సరిపోవు. ఆ లెక్కన గరిష్ఠ పరిమితి పెట్టిన అమెరికా పద్ధతి ఈ కారణాలకు ఎక్కువ దగ్గరగా ఉంది.

అయితే ఆ పరిమితి 1997లో పెట్టిన చోటే ఆగిపోయింది. ధరల సూచీతో దాన్ని ముడిపెట్టలేదు. ఆ తర్వాత అక్కడ మామూలు ధరలు దాదాపు రెట్టింపయ్యాయి కాబట్టి 2.5 లక్షల డాలర్ల పరిమితి విలువ ఇప్పుడు సగమే. ఖరీదైన నగరాల్లో దశాబ్దాలుగా ఒకే ఇంట్లో ఉన్నవారు దాన్ని సులువుగా దాటిపోతున్నారు. దాటిన మొత్తం మీద ద్రవ్యోల్బణంతో సహా పన్ను కట్టాలి. యజమాని చనిపోతే వారసులకు ఆనాటి మార్కెట్ ధరే కొన్న ధరగా మారుతుంది, అంతవరకు పెరిగిన లాభం పన్ను లెక్కలోంచి తప్పుకుంటుంది. దాంతో వయసు పైబడినవారు ఇల్లు అమ్మకుండా ఉండిపోవడానికి మళ్లీ కారణం దొరికింది. అమ్మక తప్పనివారు మాత్రం పరిమితి దాటిన ప్రతి డాలరునూ తగ్గించుకోవడానికి, ముప్పై ఏళ్ల కిందట వేయించిన పైకప్పు రసీదు కోసం అటకమీద వెతుకుతున్నారు.